సెండ్ నొక్కే ముందు రెండున్నర గంటలు

భీమవరంలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను డాక్యుమెంట్లు, బయ్యర్ల మెయిళ్లు చూస్తాను. ఒక జూన్ సాయంత్రం 5:40కి బెల్జియం నుంచి ఒక మెయిల్ వచ్చింది. మొదటి నాలుగు ముక్కలూ ఇవి: "ఇది ఒప్పుకునేది లేదు. ప్యాకెట్ మీద 900 గ్రాములని వేశారు. 12 ప్యాకెట్లు తూచాం, సగటు 861 గ్రాములు. ఇలా జరగడం రెండోసారి." సీసీలో మా సార్, చెన్నైలో ఉండే ఏజెంటు.

5:46కల్లా నేను పదకొండు లైన్లు కొట్టేశాను. ఆరేళ్లుగా మీకు సరుకు పంపుతున్నామనీ, మా ప్లాంట్‌లో తూకం వేసే మనుషులకు మీ ల్యాబ్ వాళ్లకంటే ఎక్కువ అనుభవం ఉందనీ, గతసారి గొడవలో తప్పు ఎవరిదో గుర్తు చేసుకోమనీ. ఇంగ్లిష్ అంత ధారగా నాకు ఎప్పుడూ రాదు. అసలు అనుమానించాల్సింది అక్కడే. నేను మామూలుగా ఒక మెయిల్‌కు మూడు సార్లు స్పెల్లింగ్ చూసుకునే మనిషిని.

ఆ పదకొండు లైన్లూ వెళ్లలేదు. 8:10కి వేరే జవాబు వెళ్లింది. మధ్యలో ఆ రెండున్నర గంటలు ఏం చేశానో, ఎందుకు చేశానో చెప్పడానికే ఇదంతా. "కోపంలో జవాబివ్వకు" అని అందరూ చెబుతారు. ఆగినంత సేపూ ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. చాలామంది ఆగుతారు కూడా, కానీ ఆగి ఆ మెయిల్‌నే నమలుతూ కూర్చుంటారు. గంట తర్వాత మరింత పదునైన జవాబు పంపుతారు.

ముందు ఈ-మెయిల్ సంగతి. ఎదురుగా ఉన్న మనిషి "ఇది ఒప్పుకునేది లేదు" అంటే ఆ ముఖం చూస్తాం, గొంతు వింటాం. విసుగా, అలసటా, నిజంగా కోపమా అన్నది తెలిసిపోతుంది. మెయిల్‌లో గొంతు ఉండదు కాబట్టి చదివేవాడే ఒక గొంతు తగిలిస్తాడు. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు కొన్ని వాక్యాలను వెటకారంగా, కొన్నింటిని మామూలుగా, మెయిల్‌లోనో గొంతుతోనో పంపాలి. అందుకున్నవాళ్లు ఏది వెటకారమో, ఏది కాదో చెప్పాలి. పంపినవాళ్లు నూటికి 78 వరకూ సరిగ్గానే పట్టుకుంటారని అనుకున్నారు. గొంతు విన్నవాళ్లు దాదాపు అంత దగ్గరికి వచ్చారు, 73. మెయిల్ చదివినవాళ్లు 56 దగ్గర ఆగిపోయారు. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది మరి! రాసేవాడికి తన గొంతు తన చెవిలో వినిపిస్తూ ఉంటుంది కాబట్టి అది అవతలికీ చేరిందనుకుంటాడు.

మనకు దీని మీద ఇంకో మెలిక ఉంది. ఇంగ్లిష్‌లో ఉన్నది ఒకే "యూ". మన బుర్రలో రెండున్నాయి, నువ్వు, మీరు. ప్రతి ఇంగ్లిష్ మెయిల్‌నీ లోపల తెలుగు చేసుకుంటూ చదువుతాం కదా, ఆ చదువుడులో ఏ "యూ" పెట్టుకుంటామో మనకే తెలియదు. తీరిగ్గా ఉన్న రోజు "మీరు వివరణ ఇవ్వాలండీ" అని వినిపిస్తుంది. ఒళ్లు మండుతున్న రోజు అదే వాక్యం "నువ్వు చెప్పు, ఏంటిది?" అని వినిపిస్తుంది. ఆ రోజు నేను ఆ మెయిల్ మొత్తాన్ని నువ్వులో చదివాను. ఆ బెల్జియం ఆయన ఎప్పుడూ పొట్టి వాక్యాలే రాస్తాడు, సరుకు బాగుందని చెప్పినప్పుడు కూడా "సరుకు బాగుంది" అని రెండు మాటలే. ఆ సంగతి నాకు తెలుసు. 5:40కి గుర్తు రాలేదు, అంతే.

ఇక ఒంటి సంగతి. కోపం వస్తే అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, దవడ బిగుస్తుంది. ఇది ఆలోచన కంటే ముందే జరిగిపోతుంది, ఆలోచన మారాక కూడా కాసేపు ఉంటుంది. "సరేలే" అని మనసు అనుకున్నా చేతులు ఇంకా గట్టిగానే కీబోర్డు బాదుతుంటాయి. పైగా ఆ వేడి అంతా ఆ మెయిల్ వల్ల పుట్టిందే కానక్కర్లేదు. డాల్ఫ్ జిల్‌మన్ అనే మానసిక శాస్త్రవేత్త 1970లలో దీన్ని వివరించాడు. ఒక కారణంతో పుట్టిన ఉద్రేకం చల్లారకముందే రెండో కారణం ఎదురైతే, మిగిలిన వేడి కూడా ఆ రెండోదాని ఖాతాలోకే పోతుంది. ఆ రోజు మధ్యాహ్నం ఒక కంటైనరు పోర్టుకు గడువులోగా చేరదేమోనని రెండు గంటలు ఫోన్ల మీదే ఉన్నాను. భోజనం మూడున్నరకి, అదీ సగం. కాఫీ నాలుగోది. అదంతా ఎక్కడికి పోతుంది? బెల్జియం వైపు మళ్లింది.

అయితే కాసేపు ఆగితే చాలా? అక్కడే చిక్కు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే మరో మానసిక శాస్త్రవేత్త ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించాడు. 600 మంది కాలేజీ విద్యార్థుల చేత వ్యాసం రాయించి, ఇంత చెత్త వ్యాసం చూడలేదన్నట్టు దిద్ది ఇచ్చారు. ఆ తర్వాత కొందరిని ఆ దిద్దినవాడిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దమన్నారు. కొందరిని ఒళ్లు గట్టిపడటం గురించి ఆలోచిస్తూ గుద్దమన్నారు. ఇంకొందరిని ఊరికే కూర్చోబెట్టారు. తలుచుకుంటూ గుద్దినవాళ్లే అందరికంటే ఎక్కువ కోపంగా మిగిలారు. ఊరికే కూర్చున్నవాళ్లలో దూకుడు అందరికంటే తక్కువ. 2024లో అదే బుష్‌మన్, సోఫీ షార్విక్ కలిసి 154 పరిశోధనలను ఒక్కచోట చేర్చి చూశారు. ఒంటి ఉద్రేకాన్ని తగ్గించే పనులు, అంటే నెమ్మదిగా ఊపిరి, కండరాలు వదులు చేయడం, ధ్యానం లాంటివి కోపాన్ని తగ్గించాయి. ఉద్రేకం పెంచే పనులు మొత్తంమీద తగ్గించలేదు. జాగింగ్ అయితే పెంచే వైపే ఉంది. ఆరోగ్యానికి పరుగు మంచిదే, ఈ పనికి కాదు.

అంటే "కడుపులో ఉన్నదంతా కక్కెయ్, తేలికవుతుంది" అన్న సలహా ఇక్కడ పని చేయదు. పక్క సీటు అతన్ని పిలిచి మెయిల్ చదివి వినిపించడం, భార్యకు ఫోన్ చేసి మొదట్నుంచీ చెప్పడం, వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టడం, ఇవన్నీ పంచింగ్ బ్యాగులే. చెప్పిన ప్రతిసారీ కథ కొంచెం పదునెక్కుతుంది. విన్నవాళ్లు మనవాళ్లు కాబట్టి "అలా ఎలా అంటాడు?" అని ఓ పుల్ల ఎగదోస్తారు.

"తిట్లన్నీ రాసి, పంపకుండా దాచు" అనే సలహా కూడా నాకు సగమే నచ్చుతుంది. దీనికి లింకన్ ఉత్తరాన్ని చూపిస్తుంటారు. గెటిస్‌బర్గ్ యుద్ధం తర్వాత 1863 జులై 14న తన సేనాని జనరల్ మీడ్‌ను తప్పుబడుతూ ఆయన ఒక ఉత్తరం రాసి, పంపలేదనీ సంతకం చేయలేదనీ కవరు మీద రాసి దాచేశాడు. ఆ కాగితం వెళ్లాలంటే సంతకం, కవరు, దాన్ని మోసే మనిషి కావాలి. మనకు కావాల్సింది ఒక వేలు.

అందుకని నా పద్ధతిలో మొదటి పని ఆ వేలికి అడ్డం పెట్టడం. రిప్లై నొక్కి ఉంటే అడ్రసు గడిలో ఉన్న పేర్లన్నీ తీసేస్తాను, సీసీ కూడా. రాసినదాన్ని కట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడతాను. అడ్రసు లేని మెయిల్ వెళ్లమన్నా వెళ్లదు. జీమెయిల్ వాడేవాళ్లు ముందే ఇంకో పని చేసి పెట్టుకోవచ్చు. See all settings లోని General లో Undo Send అని ఉంటుంది, మామూలుగా అది 5 సెకన్లు, దాన్ని 30 చేసుకోవాలి. కంప్యూటర్‌లో పెట్టుకునే పాత అవుట్‌లుక్‌లో అయితే పంపే ప్రతి మెయిల్‌నీ కొన్ని నిమిషాలు ఆపి ఉంచేలా రూల్ పెట్టుకోవచ్చు, 120 నిమిషాల వరకూ. Recall మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. ఒకే సంస్థ లోపల అయితే పని చేయవచ్చు, బయటి బయ్యరు ఇన్‌బాక్సులోంచి మెయిల్‌ను వెనక్కి లాగలేదు. ఈ 30 సెకన్లు పేరు తప్పు కొట్టినప్పుడు కాపాడతాయి. కోపానికి 30 సెకన్లు ఏ మూలకూ రావు.

రెండోది, గడువు ఎంత ఉందో లెక్క వేసుకోవడం. కోపంలో ప్రతి మెయిల్‌కూ ఇప్పుడే జవాబివ్వాలనిపిస్తుంది. గడియారం చూస్తే అలా ఉండదు. వేసవిలో బెల్జియం మనకంటే మూడున్నర గంటలు వెనక. నాకు 5:40 అంటే వాళ్లకు 2:10. వాళ్ల ఆఫీసు ఐదింటికి మూస్తారు, అంటే మనకు 8:30. ఆ లోపు వెళ్తే అదే రోజు జవాబు. అది తప్పినా, మర్నాడు మధ్యాహ్నం 12:30కి ముందు వెళ్తే వాళ్లు సీట్లో కూర్చునే సరికి ఉంటుంది. ఈ లెక్క కాగితం మీద వేశాక తొందర సగం తగ్గిపోయింది. నిజంగా తొందర ఉన్న మెయిళ్లు కూడా ఉంటాయి, పోర్టులో సరుకు ఆగిపోయి ఉన్నప్పుడు లాంటివి. అప్పుడు రెండు వాక్యాలు చాలు: "మెయిల్ అందింది. రాత్రి ఎనిమిదిన్నర లోపు తూకం వివరాలు పంపుతాం." అందులో తప్పు ఒప్పుకోవడమూ లేదు, కాదనడమూ లేదు. అవతలివాడికి మౌనం కూడా ఒక జవాబే కాబట్టి క్లెయిమ్ మెయిళ్లకు నేను ఈ రెండు ముక్కలూ తప్పకుండా పంపుతాను. ఆ రోజూ పంపాను.

మూడోది లేవడం. స్క్రీన్ కనబడని చోటికి. మా ఆఫీసు వెనక మెట్ల మీద కూర్చుని ఊపిరి మీద పని పెడతాను. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. అలా నిమిషానికి ఆరు ఊపిరులు వస్తాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా కొంచెం తగ్గుతుంది కాబట్టి వదలడాన్ని పొడుగు చేస్తున్నాం, ఇందులో వేరే మహత్తు ఏమీ లేదు. ఐదు నిమిషాలు, అంటే 30 ఊపిరులు. కళ్లు తిరుగుతున్నట్టుంటే మరీ లోతుగా పీలుస్తున్నారని అర్థం, మామూలు ఊపిరినే నెమ్మది చేయాలి. అరనిమిషం పాటు నాడి పట్టుకుని చూసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు మొదట 51 వచ్చింది, మెట్లు దిగేటప్పుడు 41.

నాలుగోది చాలామంది వదిలేసే భాగం, నాకు మాత్రం అన్నింటికంటే ఇదే ముఖ్యమనిపిస్తుంది. ఆ మెయిల్ ఊసులేని, బుర్రకు కాస్త పని చెప్పే పని ఒకటి అరగంటకు తక్కువ కాకుండా చేయాలి. ఊరికే నడిస్తే నడుస్తూ వాదించుకుంటాం, నేనైతే చేతులు కూడా ఊపుతాను. అందుకని అంకెలున్న పని పెట్టుకుంటాను. ఆ సాయంత్రం మర్నాటి షిప్‌మెంట్ ప్యాకింగ్ లిస్టు ఇన్వాయిస్‌తో సరిపోయిందో లేదో లైను లైను చూశాను. అంకెలు కూడుతూ ఎవరితోనూ పోట్లాడలేం. మధ్యలో ఒక ప్లేటు ఇడ్లీ కూడా తిన్నాను, దాని వాటా ఎంతో చెప్పలేను గానీ ఉంది.

చల్లబడ్డామో లేదో ఎలా తెలుస్తుంది? "ఇప్పుడు బాగానే ఉన్నాను" అన్న మాట నమ్మడానికి లేదు. నా గుర్తు ఒకటే. అవతలి మనిషికి ఏం కావాలో, విశేషణాలు లేకుండా ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "పొగరుబోతు బయ్యరు మమ్మల్ని దొంగలంటున్నాడు" అని వస్తే ఇంకా కాలేదు. మళ్లీ ప్యాకింగ్ లిస్టు.

7:15కి మెయిల్ ప్రింటు తీసుకున్నాను. ఐదో పని ఇదీ, పెన్నుతో చదవడం. ముందు లోపల "మీరు", "అండి" పెట్టుకుని ఒకసారి మెల్లగా తెలుగులో చదివాను. తర్వాత నిజాలు ఉన్నచోట గీత, అడిగినచోట సున్నా, గొంతు ఉన్నచోట ఏమీ లేదు. గీతలు ఐదు వచ్చాయి. సున్నా ఒకటి. ఆ సున్నా చుట్టిన వాక్యాన్ని 5:40కి నేను చదవనే లేదు. మెయిల్ చివర, బరువుల పట్టిక కింద ఉంది. "ప్యాకెట్లు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, నీరు వంపి తూచాం. మీరు ఏ పద్ధతిలో తూస్తారు?"

మొత్తం గొడవ ఆ వాక్యంలో ఉంది. విడివిడిగా గడ్డకట్టించిన రొయ్య మీద పల్చటి మంచు పొర వేస్తాం, గ్లేజింగ్ అంటారు. రొయ్య ఎండిపోకుండా ఉండటానికి. యూరప్‌లో ప్యాకెట్ మీద వేసే నికర బరువు ఆ మంచు తీసేసిన బరువే అయి ఉండాలి. దాన్ని తూచాలంటే ఫ్రీజరు నుంచి తీసిన వెంటనే చల్లటి నీళ్లు సన్నగా చల్లి, చేతికి మంచు తగలకుండా పోగానే, తడి అద్ది తూచాలి. రొయ్య లోపల ఇంకా గట్టిగానే ఉండాలి. రాత్రంతా కరగనిస్తే మంచుతో పాటు రొయ్యలోని నీరు కూడా కొంత కారిపోతుంది. అది వంపేసి తూస్తే బరువు తగ్గక ఏం చేస్తుంది? సరుకు నాణ్యత చూసే మా క్యూసీ మేడమ్‌కు ఆ వాక్యం చూపిస్తే ఒక్క చూపు చూసి, "కరిగించి తూచారండీ. వాళ్లని తిట్టకండి, అడిగారుగా, చెప్పండి" అన్నారు.

నా పదకొండు లైన్లలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. అది వెళ్లి ఉంటే, పద్ధతి అడిగిన మనిషికి మేం అనుభవం గురించి ఉపన్యాసం ఇచ్చినట్టు అయ్యేది, ఏదో దాస్తున్నారన్న అనుమానం వాళ్లకు గట్టిపడేది.

8:10కి వెళ్లిన జవాబు తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "పట్టిక పంపినందుకు థాంక్స్. మేం కరిగించకుండా, పై మంచు మాత్రం తీసి తూస్తాం, పద్ధతి జతచేశాం. పూర్తిగా కరిగిస్తే రొయ్యలోని నీరు కూడా పోతుంది, తేడాలో కొంత అదే కావచ్చు. అదే లాట్ నుంచి 12 కొత్త ప్యాకెట్లు ఈ పద్ధతిలో తూచి చూడగలరా? మా దగ్గర దాచిన శాంపిళ్లు రేపు మేమూ తూచి అంకెలు పంపుతాం. గతసారి విషయం దీనితో సంబంధం ఉందో లేదో ఆ తర్వాత మాట్లాడుకుందాం." పంపే ముందు మేడమ్ చేత బయటికి చదివించాను, గొంతు ఎలా వినిపిస్తుందో తెలియాలి కదా. ఆవిడ "మీ పొరపాటు కావచ్చు" అని నేను పెట్టిన ఒక ముక్క దగ్గర ఆగి నా వైపు చూశారు. తీసేశాను. అడ్రసులు చివర్న పెట్టాను.

ఈ పద్ధతి అన్నింటికీ పనికొస్తుందని చెప్పను. ప్రింటు మీద పెన్నుతో చదివినా గీతలూ సున్నాలూ ఏమీ రాని మెయిళ్లు కొన్ని ఉంటాయి, ఉత్త తిట్లు. వాటికి మెయిల్‌లో జవాబు ఇవ్వడం దండగ. పని ముక్క ఏదైనా ఉంటే దానికి మాత్రం రాసి, మిగతాది మన పైవాళ్ల చేతికి ఇచ్చేయడమే. బాసు నుంచి వారానికి రెండుసార్లు అలాంటివి వస్తుంటే అది ఊపిరితో తీరే సమస్య కాదు, ఆ మెయిళ్లు తేదీల వారీగా దాచుకోవాల్సిన సమస్య. ఇంకోటి, ఆలస్యానికి కూడా ఒక హద్దు ఉంది. రెండు రోజులు దాటిన క్లెయిమ్ మెయిల్‌కు ఎంత చల్లగా రాసినా అవతల వేడిగానే చదువుతారు.

నాలుగో రోజు బెల్జియం నుంచి జవాబు వచ్చింది. కొత్తగా తూచిన 12 ప్యాకెట్ల సగటు 896. వాటిలో రెండు ప్యాకెట్లు నిజంగానే బాగా తక్కువ. మా శాంపిళ్లలోనూ ఒకటి అలాగే తేలింది, ప్యాకింగ్‌లో ఒక తూకం మిషన్ సరిచేయించాల్సి వచ్చింది, బిల్లులో కొంత తగ్గిస్తూ చిన్న క్రెడిట్ నోట్ కూడా ఇచ్చాం. ఆయన మెయిల్‌లో సారీ లేదు, థాంక్స్ లేదు. "పద్ధతి అర్థమైంది. రెండు ప్యాకెట్లు ఒప్పుకునేది లేదు. తర్వాతి ఆర్డరు జతచేశాం." అంతే. ఈసారి మొదటిసారే "అండి" పెట్టుకుని చదివాను.